డే ఆర్డర్ సాయంత్రానికి ఎందుకు మాయమవుతుంది?

"ఓ చిన్న కంపెనీ షేర్లు 200 కొందామని 412 రూపాయలకి ఐఓసీ ఆర్డర్ పెట్టాను. 137 వచ్చాయి, మిగతావి రద్దయ్యాయి. డే పెడితే సాయంత్రానికి ఆర్డరే ఉండట్లేదు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు జీటీసీ పెట్టుకోమంటాడు, నా యాప్‌లో అది లేదు. మిగతా 63 ఎలా కొనాలి సార్?" — ఒక పాఠకుడు, ఖమ్మం

యాప్ తప్పేం లేదండీ. ఐఓసీ అంటే 'ఇప్పుడు దొరికినంత ఇవ్వు, దొరకనిది వదిలెయ్' అని. ఆ క్షణంలో అమ్మేవాళ్లు 411.50కి 60, 412కి 77 పెట్టారనుకోండి. ఆ తర్వాతి అమ్మకందారు 413.20 అడుగుతున్నాడు. మీ హద్దు 412 కాబట్టి 137తో ఆగిపోయింది. అదే డే ఆర్డరైతే మిగిలిన 63 మీ ధరతో వరసలో నిలబడేవి. ఫిల్ ఆర్ కిల్ అయితే 200 ఒకేసారి లేవు గనక ఒక్కటి కూడా వచ్చేది కాదు. షేర్లకి మీ యాప్‌లో అది కనిపించకపోతే కంగారు పడకండి, మీకు దానితో పని లేదు.

మన ఎక్స్ఛేంజీల్లో షేర్ల ఆర్డర్ ఏ రోజుది ఆ రోజే. మూడున్నరకి మార్కెట్ మూసేశాక కుదరని డే ఆర్డర్లన్నీ పోతాయి. మీ తమ్ముడి జీటీసీ కూడా 'రద్దు చేసేదాకా' అని పేరుకే. అక్కడి బ్రోకర్లు చాలామంది కొన్ని నెలలకి తామే తీసేస్తారు.

ఇక్కడ దానికి బదులుగా బ్రోకర్లు ఇచ్చేది జీటీటీ, అంటే 'ట్రిగ్గర్ అయ్యేదాకా' అని. ఇక్కడే చాలామంది పొరబడతారు. జీటీటీ ఎక్స్ఛేంజీలో ఉండదు, బ్రోకర్ దగ్గర ఉంటుంది. షేరు మీరు చెప్పిన ట్రిగ్గర్ ధరని తాకినప్పుడే అసలు ఆర్డర్ ఎక్స్ఛేంజీకి వెళ్తుంది. వెళ్లేది మామూలుగా డే లిమిట్ ఆర్డరే, అంటే మీరు పెట్టిన హద్దు ధర దాటి కొనదు, ఆ రోజుకే ఉంటుంది. ఉదాహరణకి షేరు 412 దగ్గరుంటే, ట్రిగ్గర్ 400, లిమిట్ 399 పెట్టారు. ధర 400ని తాకి వెంటనే 405కి లేచింది. ఆర్డర్ వెళ్లింది, కానీ 399కి ఎవరూ అమ్మలేదు. సాయంత్రం అదీ పోయింది, జీటీటీ కూడా వాడేసినట్టే. రేపు మళ్లీ మీరే పెట్టాలి. అందుకే కొనేటప్పుడు లిమిట్‌ని ట్రిగ్గర్ కంటే ఒకటి రెండు రూపాయలు పైనే పెట్టమంటాను. ఇక్కడైతే 402.

ఇంకోటి, జీటీటీ పెట్టినప్పుడు మామూలుగా డబ్బు బ్లాక్ కాదు. ట్రిగ్గరైన రోజు ఖాతాలో సొమ్ము లేకపోతే ఆర్డర్ తిరస్కరిస్తారు. షేరుకి బోనస్ లేదా స్ప్లిట్ వచ్చినా పాత జీటీటీ పనికిరాదు, ధరే మారిపోతుంది కదా.

మీ 63 షేర్లకి 412 సమ్మతమే అయితే జీటీటీ అక్కర్లేదు. రేపు ఉదయం తొమ్మిదింబావు దాటాక డే లిమిట్ 412 పెట్టి వదిలేయండి. సాయంత్రం ఆర్డర్ బుక్‌లో ఎన్ని కుదిరాయో చూసుకుని, మిగిలినవి మర్నాడు పెట్టండి. ఏ ధర ఉంటే ఆ ధరకి కొనేసే మార్కెట్ ఆర్డర్ మాత్రం వద్దు. అమ్మేవాళ్లు ఇంత పలచగా ఉన్న షేరులో 413.20 దగ్గర ఆగుతుందన్న భరోసా లేదు.