అతిథి ఉపన్యాసకుడికి ఆహ్వాన లేఖ: ఖర్చుల సంగతి ఎలా రాయాలి?

ప్రశ్న: మేడమ్, నేను కాకినాడలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్ గారిని రెండు రోజుల ఉపన్యాసాలకు పిలుస్తున్నాం. ఫోనులో ఒప్పుకుని, లేఖ పంపమన్నారు. అందులో డబ్బు సంగతి రాస్తే బాగుండదేమోనని సందేహం. ఎలా రాయాలి?

జవాబు: తప్పకుండా రాయండి. "ప్రయాణ ఖర్చులు మేమే చూసుకుంటాం" అని వదిలేస్తే ఏ తరగతి టికెట్టో, ఇంటి నుంచి స్టేషన్‌కు క్యాబ్ ఎవరు పెట్టుకోవాలో ఆయనే అడగాలి. పెద్దవారు అడగలేక సొంత డబ్బు పెట్టుకుంటారు. నేను పనిచేసిన ఒక కళాశాలలో అతిథి విమానంలో వచ్చాక, మంజూరైంది రైలు చార్జీయేనని తేలింది. ఆ తేడాను విభాగాధిపతి తన జీతంలోంచి ఇచ్చారు. అందుకే ముందు ప్రిన్సిపాల్ గారి నుంచి ఖర్చుకు రాతపూర్వక అనుమతి తీసుకోండి, ఆ తర్వాతే లేఖ.

ప్రొఫెసర్ గారు ఈ లేఖనే చూపించి తన సంస్థలో అనుమతి తీసుకుంటారు. కాబట్టి కళాశాల లెటర్‌హెడ్, లేఖ సంఖ్య, తేదీ, విభాగాధిపతి సంతకం ఉండాలి. మీ పేరు, ఫోను నంబరు సంప్రదించడానికి మాత్రమే. మొదటి పేరాలో అంశం, వినేది ఏ సంవత్సరం విద్యార్థులు, వారు ఇప్పటికే ఏం చదివారు, ఎన్ని గంటలు మాట్లాడాలి అన్నవి చెప్పండి. తేదీల పక్కన వారం కూడా రాస్తే పొరపాటు వెంటనే కనిపిస్తుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది గనుక అప్పటికే ఈ లేఖ ఆయన చేతిలో ఉంటే మంచిది.

ఖర్చుల పేరా ఇలా ఉండవచ్చు:

"మీ రానుపోను ప్రయాణానికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో సెకండ్ ఏసీ టికెట్లు మా విభాగమే తీసి పంపుతుంది. హైదరాబాద్‌లో ఇంటికీ స్టేషన్‌కూ మధ్య క్యాబ్ ఖర్చు రసీదుల ప్రకారం చెల్లిస్తాం. కాకినాడలో కారు, గెస్ట్‌హౌస్ బస, భోజనం కళాశాల ఏర్పాటు చేస్తుంది. మొదటి రోజు ఉదయం మీరు దిగేసరికి గది సిద్ధంగా ఉంటుంది. ఒక్కో ఉపన్యాసానికి ... రూపాయల గౌరవ వేతనం, వర్తించే పన్ను మినహాయించి, 15 రోజుల్లో మీ ఖాతాలో జమ చేస్తాం. కుటుంబ సభ్యులు వెంట వస్తే వారి టికెట్లు మీరు తీసుకోవలసి ఉంటుంది, బసకు ఇబ్బంది లేదు."

ఖాళీలో అంకె తప్పక వేయండి. "తగిన గౌరవ వేతనం" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. గడువు 15 రోజులని రాసే ముందు అకౌంట్స్ విభాగాన్ని అడగండి, వారికి నెల పడుతుందంటే నెల అనే రాయండి. పాన్, బ్యాంకు వివరాలకు వేరే ఫారం జతచేయండి.

ఆయన సంస్థే ప్రయాణ భత్యం ఇస్తుందేమో ముందే ఫోనులో కనుక్కోండి. ఒకే ప్రయాణానికి రెండు చోట్ల బిల్లు పెట్టకూడదు, ఆ సంస్థే ఇస్తే టికెట్ల వాక్యం మార్చాలి. లేఖకు ఒప్పుకుంటూ ఆయన మెయిల్ పంపాకే టికెట్ తీయండి. గుర్తింపు కార్డులో ఉన్నట్టే పేరు, వయసు, కింది బెర్తు కావాలా అన్నది అప్పుడే అడిగి రాసుకోండి.