ఎండలోని థర్మామీటరు, నీడలోని గాలి

ప్రశ్న: "వాతావరణ శాఖ ఈ రోజు మా ఊళ్లో గరిష్ఠం 41 డిగ్రీలు అంటోంది. మా బాల్కనీలో ఎండకు వేలాడుతున్న థర్మామీటరు 49 చూపిస్తోంది. ఏది నిజం? వాళ్లు తగ్గించి చెబుతున్నారా?"

తగ్గించి చెప్పడం లేదు. థర్మామీటరు ఎక్కడ ఉంచినా చూపేది తన సొంత ఉష్ణోగ్రతనే. నీడలో, గాలి ఆడే చోట ఉంచితే అది కాసేపటికి చుట్టూ ఉన్న గాలితో సమానమవుతుంది కాబట్టి ఆ అంకెను గాలి ఉష్ణోగ్రతగా తీసుకోవచ్చు. ఎండలో అలా జరగదు. నడి వేసవిలో సూర్యుడికి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీద సుమారు 900 వాట్ల శక్తి పడుతుంది. గాలి పారదర్శకం కనుక ఆ కాంతిలో చాలా కొద్ది భాగాన్నే పీల్చుకుంటుంది. థర్మామీటరు బల్బు, దాని వెనుక ఉన్న ప్లాస్టిక్ పలక మాత్రం ఎక్కువగా పీల్చుకుని గాలికంటే వేడెక్కుతాయి. పీల్చుకునే వేడి, బయటకు వదిలే వేడి సమానమైన చోట అంకె నిలబడుతుంది. మీరు చూసిన 49 ఆ పరికరం ఉష్ణోగ్రత. దానిని తాకుతున్న గాలిది కాదు.

ఇది వినడం కంటే స్వయంగా పరీక్షించడం మేలు. హైదరాబాదులో పడమటి ముఖంగా ఉన్న మా బాల్కనీలో ఒక ఎండాకాలం మధ్యాహ్నం రెండు థర్మామీటర్లను ఎండలో పక్కపక్కనే వేలాడదీశాను. నల్లని పలక ఉన్నది 49, తెల్లని పలక ఉన్నది 46 చూపాయి. ఒకే గాలికి ఒకే సమయంలో రెండు ఉష్ణోగ్రతలు ఉండవు కదా! నీడలోకి తెచ్చాక రెండూ దాదాపు ఒకే అంకెకు వచ్చాయి. తర్వాత నల్లదానిని మళ్లీ ఎండలో పెట్టి, టేబుల్ ఫ్యానును దానివైపు తిప్పాను. కొద్ది నిమిషాల్లో 49 కాస్తా 45కు దిగింది. ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుందంతే. నీడలో ఉంచిన థర్మామీటరు మీదికి అదే ఫ్యాను పెడితే అంకె మారలేదు. కదిలే గాలి బల్బులోని అదనపు వేడిని వేగంగా తీసుకుపోయిందన్నమాట. ఎండలో కొలిచిన అంకె పలక రంగును బట్టి, గాలి వేగాన్ని బట్టి, చిన్న మబ్బు తునక అడ్డు వచ్చినా మారిపోతుంది కాబట్టి, రెండు ఊళ్లను గానీ రెండు సంవత్సరాలను గానీ దానితో పోల్చలేము.

ఆ ఇబ్బందిని తప్పించడానికే వాతావరణ కేంద్రాల్లో స్టీవెన్సన్ స్క్రీన్ అనే తెల్లని చెక్క పెట్టెను వాడతారు. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ దీనిని రూపొందించారు. దాని గోడలు వాలుగా అమర్చిన రెండు వరుసల చెక్క పలకలు; గాలి వాటి సందుల్లోంచి ఆడుతుంది, ఎండ మాత్రం లోపలికి రాదు. తలుపు తీసినప్పుడు సూర్యకాంతి పడకుండా మన ఉత్తరార్ధగోళంలో దానిని ఉత్తరం వైపు పెడతారు. థర్మామీటర్లు నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, గోడలకు దూరంగా, ఆరుబయట ఉండాలన్నది ప్రపంచ వాతావరణ సంస్థ నియమం. ఈ పెట్టె కూడా దోషరహితం కాదు: గాలి పూర్తిగా స్తంభించిన మండుటెండలో, లేదా తెల్లరంగు మాసిపోయినప్పుడు, లోపలి అంకె నిజమైన గాలికంటే కొంత ఎక్కువ చూపుతుంది.

మీ థర్మామీటరును నీడలోకి మార్చినా అధికారిక అంకెతో సరిగ్గా కలవకపోవచ్చు. బాల్కనీ నేల, గోడ, పైకప్పు పగలంతా వేడిని దాచుకుని సాయంత్రం దాకా వెదజల్లుతూ ఉంటాయి. ఏసీ బయటి యూనిట్ దగ్గరలో ఉంటే చెప్పనక్కర లేదు. గోడకు మేకు కొట్టి తగిలించే బదులు, ఉత్తరం వైపు నీడలో, గోడకు ఎడంగా, గాలి ఆడే చోట వేలాడదీయండి. అప్పటికీ మిగిలే ఒకటి రెండు డిగ్రీల తేడా చాలావరకు మీ పరిసరాలదే.

మనుషులు తిరిగేది ఎండలోనే కదా, నీడ లెక్క ఎందుకన్న అనుమానం న్యాయమైనదే. ఎండ మన ఒంటిని వేడెక్కించేది నిజం, కానీ దానికి వేరే కొలత ఉంది. ఆరుబయట పనిచేసే వారికి వడదెబ్బ ప్రమాదాన్ని అంచనా వేసేటప్పుడు 15 సెంటీమీటర్ల వ్యాసం గల నల్లని రాగి గోళం మధ్యలో థర్మామీటరు అమర్చి ఎండలో ఉంచుతారు. దాని అంకెకు 20 శాతం, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు అంకెకు 70 శాతం, నీడలోని గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం ప్రాధాన్యమిచ్చి ఒకే అంకెగా కలుపుతారు. తడి థర్మామీటరుకు అంత పెద్ద వాటా ఎందుకంటే, చెమట ఆరకపోతే శరీరం చల్లబడదు. గోళం పరిమాణం, రంగు అన్నిచోట్లా ఒకటే కాబట్టి, బాల్కనీ థర్మామీటరులా కాకుండా, ఒక చోట ఎండలో కొలిచిన అంకెను మరో చోట కొలిచినదానితో పోల్చడం ఇక్కడ కుదురుతుంది.