అనుభవాన్ని కుదించేటప్పుడు ‘నేను’ జారిపోకుండా ఎలా?

ఒక రచయిత ‘నేను’ అంటూ రాసిన నాలుగు పేజీల స్వానుభవాన్ని ఒక పేజీకి తగ్గిస్తుంటే, తెలియకుండానే ‘ఆయన ఇలా చేశారు’ అని వార్తలా రాసేస్తున్నాను. ఎందుకిలా అవుతోంది?

చదివి, పక్కన పెట్టి, గుర్తున్నది రాయడం వల్ల. అలా రాసేటప్పుడు మీరు చెప్పేవాళ్లు, ఆయన మీ కథలో మనిషి అయిపోతారు. కాబట్టి తిరిగి చెప్పకండి, మూలం మీదే కొట్టివేతలు పెట్టండి. మిగిలిన వాక్యాలను అతికించడానికి మాత్రమే కొత్త మాటలు వాడండి.

మూలం ఇలా ఉందనుకుందాం: ‘నేను బస్సు దిగేసరికి బాగా చీకటి పడిపోయింది. నాకు దారి తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే భయమేసింది. చివరికి దీపం కనిపించిన వైపు నడిచాను.’

జారిన కుదింపు: ‘చీకట్లో బస్సు దిగిన రచయిత, దారి తెలియక భయాందోళనకు గురైనట్లు చెప్పారు.’ భయం పోయింది, భయం గురించిన సమాచారం మిగిలింది.

నిలిచిన కుదింపు: ‘బస్సు దిగేసరికి చీకటి. దారి తెలియదు, అడగాలంటే భయం. దీపం కనిపించిన వైపు నడిచాను.’

ఇందులో ‘నేను’ ఒక్కసారీ లేదు. తెలుగులో ఆ పని ‘నడిచాను’లోని ‘ను’ చేస్తుంది. అందుకే సర్వనామాలు ధైర్యంగా కొట్టేయొచ్చు, క్రియల చివర్లు మాత్రం ముట్టుకోకూడదు.

సరిచూసేటప్పుడు ప్రతి వాక్యం చివరి మాట చూడండి. ‘-నట్లు చెప్పారు’, ‘-అని పేర్కొన్నారు’ కనిపిస్తే అక్కడ జారారు. ‘నా’ ఉండాల్సిన చోట ‘తన’ వచ్చినా అంతే. ‘భయాందోళనకు గురయ్యాను’ మరీ మోసపుచ్చుతుంది: ప్రత్యయం సరైనదే, గొంతు మాత్రం విలేకరిది.