సర్వోని వదిలెయ్, ముందు సీజీ చూడు

చిన్నా,

నువ్వు పంపిన నీ మోడల్ విమానం వీడియో నాలుగుసార్లు చూశాను. నాలుగైదు సెకన్లు చక్కగానే వెళ్లింది, చిన్న గాలి తగలగానే ముక్కు లేచింది, అలా లేస్తూనే పోయి, రెక్క ఎత్తే బలం పోయి స్టాల్ అయి పడింది. నువ్వు తోక మీద ముక్కుని ఎత్తి దించే పలక ఎలివేటర్‌ని, దాన్ని కదిపే సర్వో మోటారుని అనుమానిస్తున్నావు. నాకైతే అనుమానమే లేదు, వేళ్ల మీద నిలబెడితే రెక్క ముందు అంచు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర బ్యాలెన్స్ అవుతోందని నువ్వే రాశావు, అంటే బరువు కేంద్రమైన సీజీ అక్కడుంది, తప్పూ అక్కడే ఉంది.

ముక్కు బరువుగా ఉంటే ఆ బరువే దాన్ని కిందకి లాగి విమానాన్ని సరిచేస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అది నిజం కాదు. గాల్లో విమానం తిరిగేది సీజీ చుట్టూ, బరువు పనిచేసేదీ సరిగ్గా అక్కడే, కాబట్టి బరువు దాన్ని ఎటూ తిప్పలేదు. తిప్పేది గాలే. ముక్కు ఒక డిగ్రీ లేస్తే కొత్తగా పుట్టే లిఫ్ట్, అంటే గాలి పైకెత్తే బలం, ఏ చోట పనిచేస్తుంది, సీజీకి ముందా వెనకా అన్నదే అసలు సంగతి.

రెక్క ఒక్కదాన్నే చూస్తే ఆ కొత్త లిఫ్ట్ ముందు అంచు నుంచి పావు వంతు వెడల్పు దగ్గర పనిచేస్తుంది. కానీ ముక్కు లేచినప్పుడు తోకకీ కోణం పెరుగుతుంది, అదీ కొంత లిఫ్ట్ ఇస్తుంది, రెండూ కలిపితే ఆ చోటు వెనక్కి జరుగుతుంది. దాన్నే న్యూట్రల్ పాయింట్ అంటారు. నీ మోడల్‌కి లెక్క కట్టాను. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు, పొడవు 120, అంటే వైశాల్యం 2400 చదరపు సెంటీమీటర్లు. తోక వైశాల్యం 400, రెక్కకీ దానికీ దూరం 60 సెంటీమీటర్లు. తోక వైశాల్యాన్ని దూరంతో గుణించి, రెక్క వైశాల్యం, వెడల్పుల లబ్ధంతో భాగిస్తే 0.5 వస్తుంది. తోక ఉండేది రెక్క కిందకి వంచి వదిలిన గాలిలో కాబట్టి దాని బలం పూర్తిగా రాదు, ఇలాంటి ఆకారానికి 0.4 వంతు వేసుకుంటే చాలు, అంటే 0.2. పావు వంతుకి అది కలిపితే రెక్క వెడల్పులో 0.45 వంతు, అంటే ముందు అంచు నుంచి 9 సెంటీమీటర్లు.

నీ సీజీ 10 దగ్గరుంది. మోడల్ బరువు ఒక కిలో, రెక్క 5 డిగ్రీల కోణంలో ఆ కిలోని మోస్తోందనుకో, ముక్కు ఒక డిగ్రీ లేవగానే సుమారు 200 గ్రాముల లిఫ్ట్ కొత్తగా వస్తుంది. అది సీజీకి ఒక సెంటీమీటరు ముందు ఎత్తుతుంది, ముక్కు ఇంకా లేస్తుంది, లేచేకొద్దీ లిఫ్ట్ ఇంకా పెరుగుతుంది. వీడియోలో జరిగింది ఇదే. అదే సీజీ 6.5 దగ్గరుంటే ఆ 200 గ్రాములు సీజీకి 2.5 సెంటీమీటర్లు వెనక ఎత్తుతాయి, ముక్కు దించేస్తాయి, విమానం సమతూకంలో నిలిచే ట్రిమ్ కోణం వచ్చేదాకా దించి ఊరుకుంటాయి. సరిగ్గా 9 దగ్గర పెడితే ఎటూ తిప్పే బలమే ఉండదు, గాలి ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. 1903 నాటి రైట్ సోదరుల విమానం కూడా నీలాగే సీజీ న్యూట్రల్ పాయింట్‌కి వెనకున్నదే, అందుకే క్షణం వదలకుండా ఎలివేటర్‌తో సరిచేస్తూ ఉండాల్సి వచ్చింది.

కాబట్టి 6.5 దగ్గర గుర్తు పెట్టుకో. 200 గ్రాముల బ్యాటరీని 10 సెంటీమీటర్లు ముందుకి జరిపితే సీజీ 2 సెంటీమీటర్లు జరిగి 8కి వస్తుంది. ఇంకా చోటుంటే దాన్నే ఇంకా జరుపు, లేకపోతే ఆ గుర్తుకి 25 సెంటీమీటర్లు ముందు ముక్కులో 60 గ్రాముల సీసం పెట్టు. లెక్క సుమారుదే, గాల్లో సరిచూసుకోవాలి.

ఎత్తుకి తీసుకెళ్లి, చేతులు వదిలేస్తే మామూలు వేగంతో తిన్నగా గ్లైడ్ అయ్యేలా ట్రిమ్ చెయ్. తర్వాత ముక్కు దించి సుమారు 30 డిగ్రీల డైవ్‌లో పెట్టి స్టిక్ వదిలెయ్. మెల్లగా తనంతట తను పైకి వస్తే బాగున్నట్టు. డైవ్ అలాగే సాగితే సీజీ న్యూట్రల్ పాయింట్ దగ్గరికొచ్చేసినట్టు, ఇంకా నిటారుగా పడిపోతుంటే వెంటనే పైకి లాగి నేలకి దించెయ్, తోక బరువెక్కువై సీజీ వెనకున్నట్టు. ఒక్కసారిగా విరుచుకుని పైకి లేస్తే సీజీ మరీ ముందుంది, ముక్కు నిలబెట్టడానికి నువ్విచ్చిన ఎలివేటర్ ట్రిమ్ ఎక్కువైంది, వేగంతో దాని బలం పెరిగి లాగేస్తోంది. అలాంటి మోడల్ లాండింగ్‌లో ఎలివేటర్ పూర్తిగా లాగినా ముక్కు ఎత్తదు. సీజీ వెనక్కి జరపాలంటే ఒక్కోసారి 3 మిల్లీమీటర్లకి మించొద్దు, జరిపిన ప్రతిసారీ ట్రిమ్ మళ్లీ మొదటి నుంచి చేసుకున్నాకే డైవ్ చెయ్. తోక పలకలు డైవ్‌లో వంగుతుంటే ఈ పరీక్ష అబద్ధం చెబుతుంది, నీ వీడియోలో అవి కాస్త వణికినట్టు కనిపించాయి, ముందు వాటి అతుకులు గట్టి చెయ్.

మీ పెదనాన్న