మనవరాలికి మీరివ్వాల్సింది అప్పు తెచ్చిన 5 లక్షలు కాదు

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. నెల్లిమర్లలో ఒక్కదాన్నే ఉంటాను. మా ఆయన జూట్ మిల్లులో పనిచేస్తూ 1 ఎకరం 80 సెంట్ల పొలం కొన్నారు. వీలునామా రాయకుండానే 2022లో పోయారు. పెద్దకొడుకు అంతకు ముందే పోయాడు. వాడి భార్య, కూతురు వైజాగ్‌లో ఉంటున్నారు. పొలం మొత్తం చిన్నకొడుకు పేరున ఎక్కింది. ఇప్పుడు సెంటు 40 వేలు పలుకుతోంది. మనవరాలు వాటా అడిగితే "మీ నాన్న ఆసుపత్రికీ నీ చదువుకీ పెట్టినదానితో సరిపోయింది" అన్నాడు. నేను అక్కడే కూర్చుని నోరు మెదపలేదు. ఆ సంక్రాంతికి వెళ్లిపోయిన పిల్ల రెండేళ్లుగా గడప తొక్కలేదు, ఫోన్ ఎత్తదు. బ్యాంకులో 4,80,000 డిపాజిట్ ఉంది. అందులో 3 లక్షలు తీసి, తెలిసినాయన దగ్గర ఇంటి కాగితాలు పెట్టి 2 రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చి, మొత్తం 5 లక్షలు దానికి ఇద్దామని ఉత్తరం రాశాను. అది మీకూ పంపుతున్నాను. నా పేరున ఉన్న ఇల్లు కూడా దానికే రాసేయమంటారా? నాకు పింఛను 2,100, వెనక గది అద్దె 3,500 వస్తాయి. నెలకు 8 వేలు ఖర్చు.

జవాబు: మామ్మగారూ, ఆ ఉత్తరం ఇంకా పోస్టు చెయ్యకపోతే ఆపండి. ఇంటి కాగితాలు ఆ తెలిసినాయన చేతికి ఇచ్చేసి ఉంటే, డబ్బు తీసుకోకుండా ఈ రోజే వెనక్కి తెచ్చుకోండి. అలిగి వెళ్లిన పిల్లల కోసం పెద్దవాళ్లు ముసలితనానికి దాచుకున్నది తీసి ఇచ్చేయడం, చాలకపోతే అప్పు చెయ్యడం నేను చాలా ఇళ్లలో చూశాను. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీ నెల లెక్క చూద్దాం. డిపాజిట్ మీద సుమారు 7 శాతం అనుకుంటే నెలకు 2,800 వడ్డీ వస్తుంది. పింఛను, అద్దె కలిపితే 8,400. ఖర్చు 8 వేలు. అంటే మీరు ఎవరినీ అడగకుండా బతుకుతున్నారు, అదీ అంచు మీద. ఇప్పుడు 3 లక్షలు తీసేస్తే వడ్డీ 1,050కి పడిపోతుంది. 2 రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది గానీ అది ఏడాదికి 24 శాతం. 2 లక్షలకు నెలకు 4 వేలు కట్టాలి, అసలు అలాగే ఉంటుంది. మీ ఖర్చు 12 వేలవుతుంది, రాబడి 6,650కి దిగుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి మిగిలిన 1,80,000 తీసుకుంటూ పోతే రెండున్నరేళ్లకు మొత్తం అయిపోతుంది. అప్పటికీ ఆయనకు 2 లక్షలు బాకీ ఉంటారు, ఇంటి కాగితాలు ఆయన దగ్గరే ఉంటాయి. 74 ఏళ్ల వయసులో ఆ 2 లక్షలు ఎక్కడ నుంచి తెస్తారు? బంగారం తాకట్టు పెట్టినా నా మాట ఇదే. తీర్చే రాబడి లేనివాళ్లు అప్పు చేయకూడదు.

నన్ను బాగా టెన్షన్ పెట్టేది ఆ 4,80,000 సంగతే. మీరు దాన్ని మిగులు డబ్బు అనుకుంటున్నారు. అది మిగులు కాదు. ఒంటరిగా ఉండే 71 ఏళ్ల మనిషికి అర్ధరాత్రి అవసరం వస్తే ఆదుకునేది అదొక్కటే. బొబ్బిలి వైపు నాకు తెలిసిన ఒక పెద్దావిడ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. బ్యాంకులో డబ్బు లేక కాదు, ఉన్నదంతా ఒకే పెద్ద డిపాజిట్‌లో ఉండిపోయింది. ఇంట్లో చూస్తే 600 రూపాయలు. వైజాగ్ వెళ్లడానికి అంబులెన్సుకు, స్కానింగులకు, తోడు వెళ్లినవాళ్ల తిండికి పక్కింటివాళ్లు ఆ రాత్రి వడ్డీకి తెచ్చి పెట్టారు. ఆవిడ కోలుకున్నారు, కానీ ఆ అప్పు తీరడానికి ఏడాది పట్టింది.

మీకు ఆ పరిస్థితి రాకూడదు. గడువు తీరగానే డిపాజిట్‌ను విడగొట్టండి. 80 వేలు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి, అందులో 10 వేలు ఇంట్లో నగదుగా పెట్టుకోండి. మిగిలిన 4 లక్షలు లక్ష చొప్పున నాలుగు డిపాజిట్లు చేయండి. అవసరమైతే ఒక్కటే తీస్తారు, మిగతా మూడింటి వడ్డీ పోదు. దీనివల్ల మీ రాబడి నెలకు 300 దాకా తగ్గుతుంది, అయినా 8 వేల ఖర్చు గడిచిపోతుంది. 70 దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ఆధార్ పట్టుకుని సచివాలయంలో అడిగి తీసుకోండి. అయితే ఆ కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొస్తుంది. నెలనెలా వాడే మందులు, రానుపోను ఖర్చు మీవే. అందుకే కార్డు వచ్చినా ఆ 80 వేలు కదపకండి.

ఇక పొలం సంగతి. అసలు పొరపాటు ఇక్కడే జరిగింది. అది మీ వారు సొంతంగా కొన్న పొలం, వీలునామా లేదు. కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మూడు సమాన వాటాలు పడతాయి. మీకు 60 సెంట్లు, చిన్నబ్బాయికి 60, పోయిన పెద్దబ్బాయి తరఫున 60. ఆ చివరి 60లో మీ పెద్దకోడలికి 30, మనవరాలికి 30. తండ్రి ముందే పోయినంత మాత్రాన ఆ పిల్ల వాటా పోదు. రెవెన్యూ రికార్డు 1-బీలో, పాసుపుస్తకంలో చిన్నబ్బాయి పేరు ఎక్కింది కదా అంటారేమో. ఆ ఒక్క కారణంతో మిగతా వారసుల హక్కు రద్దు కాదు. ఆసుపత్రి ఖర్చు, చదువు ఖర్చు అని నోటిమాటగా చెప్పినంతలో వాటా తీరిపోదు. ఆ పిల్ల సంతకం చేసిన రిజిస్టర్ దస్తావేజు ఉంటే తప్ప.

మీరు చెప్పిన ధరకు 30 సెంట్లంటే 12 లక్షలు. మీ ఉత్తరంలో ఏం రాశారు? "నీ వాటా కింద ఈ 5 లక్షలు తీసుకుని మనసులో ఏమీ పెట్టుకోకు." మామ్మగారూ, మీరు ప్రేమతోనే రాశారు. కానీ ఆ పిల్ల ఆ డబ్బు తీసుకుంటే, రేపు చిన్నబ్బాయి అదే కాగితం చూపించి "వాటా ముట్టింది" అంటాడు. 12 లక్షల హక్కు 5 లక్షలకు పోతుంది, ఆ 5 లక్షలు కూడా ఆయన జేబు నుంచి కాదు, మీ మందుల డబ్బులోంచి. కొడుకు ఇవ్వాల్సింది తల్లి అప్పు చేసి ఇవ్వడం నాకు ఏ విధంగానూ న్యాయంగా కనిపించడం లేదు. ఇది చదివితే ఆ పిల్లకూ మీరు బాబాయి తరఫున బేరమాడుతున్నట్టే ఉంటుంది.

ముందు ఒక విషయం తేల్చుకోండి. పొలం పేరు మార్పిడి అప్పుడు మీ చేత ఏ కాగితం మీదైనా సంతకమో వేలిముద్రో వేయించారా? రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్లారా? తీసుకెళ్లి ఉంటే హక్కు విడుదల దస్తావేజు రాయించి ఉండొచ్చు. అలా అయితే మీ 60 సెంట్ల కథ మారిపోతుంది, మనవరాలి 30 మాత్రం మారదు. మీసేవలో ఆ సర్వే నంబరు మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ తీయించి, దాన్ని పట్టుకుని సివిల్ కేసులు చూసే వకీలును ఒకసారి కలవండి. ఆ ఫీజు మాత్రం డిపాజిట్ వడ్డీలోంచి పెట్టండి, తప్పులేదు.

ఇల్లు ఇప్పుడే రాసివ్వకండి. గిఫ్టుగా రిజిస్టర్ చేశాక మీ ఇష్టంతో మీరొక్కరే రద్దు చేసుకోలేరు. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్లి రద్దు చేయించుకునే వీలు 2007 చట్టంలో ఉంది కానీ, చూసుకోవాలనే షరతు మీద ఇచ్చినట్టు చూపించగలగాలి. ఆ అవస్థ మీకెందుకు? వీలునామా రాయండి. ఇల్లు, మీ 60 సెంట్లు ఎవరికి ఎంత అనేది అందులో మీ ఇష్టం. ఇద్దరు సాక్షులు ఉండాలి, అందులో ఆస్తి పొందేవాళ్లు ఉండకుండా చూడండి. స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ ఇంట్లో తగాదా ఉంది కాబట్టి చేయించండి. మీరు బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మనవరాలి 30 సెంట్లను మాత్రం మీరు ఇస్తున్నట్టు అందులో రాయకండి. అవి ఇప్పటికే ఆమెవి.

ఉత్తరం పంపండి, తప్పకుండా పంపండి. అందులో డబ్బు ఊసున్న రెండు పేరాలు కొట్టేసి, మొదటి పేజీలో మీరే రాసిన ఈ మాటలు ఉంచండి. "బంగారుతల్లీ, ఆ రోజు మీ బాబాయి మాట్లాడుతుంటే నేను పక్కనే కూర్చుని ఊరుకున్నాను. నీ కళ్లలోకి చూడలేకపోయాను. అది నా తప్పే." ఆ పిల్ల వెళ్లిపోయింది పొలం దక్కనందుకే అయితే కోర్టు నోటీసు వచ్చేది, రెండేళ్లలో మీకు అదేమీ రాలేదు కదా. ఆ మాటల తర్వాత తేదీ వేసి, మీ చేత్తోనే ఇవి రాయండి. "తాతగారి పొలంలో నీకూ మీ అమ్మకూ వాటా ఉంది. మీ చేత ఎవరూ సంతకం పెట్టించినట్టు నాకు తెలియదు. మీకు డబ్బు ఇచ్చినట్టు కూడా నేను చూడలేదు. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఈ మాట ఎవరి ముందైనా చెబుతాను." మీకు నిజంగా తెలిసినంతే రాయండి, ఒక్క మాట కూడా పెంచకండి. మీ చేతిరాతలో ఉన్న ఆ కాగితం ఆ పిల్లకు మీరిద్దామనుకున్న 5 లక్షల కంటే ఎక్కువ పనికొస్తుంది, మీకు దానివల్ల ఒక్క రూపాయి అప్పు ఉండదు.

జిరాక్స్ ఒకటి మీ దగ్గర ఉంచుకుని స్పీడ్ పోస్టులో పంపండి. పంపేముందు చిన్నబ్బాయికి కూడా చెప్పండి, చాటుగా చేసినట్టు ఉండకూడదు. ఆయన కోప్పడితే, నెలనెలా మీరు ఎవరి మీదా ఆధారపడకుండా బతికే రాబడి మీకుంది, భయపడక్కర్లేదు. మనవరాలి నుంచి జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. ఈలోగా ఎవరు ఎంత తొందరపెట్టినా ఏ కాగితం మీదా సంతకం చేయకండి, ఆ నాలుగు డిపాజిట్లను ముట్టుకోకండి.