టెక్ సందేహాలు: బెట్టింగ్ సైటుకు పంపిన బిట్‌కాయిన్ వెనక్కి వస్తుందా?

"సార్, మాది కాజీపేట. దోస్తు చెప్పిండని 25 వేలు పెట్టి బిట్‌కాయిన్ కొని ఒక క్రికెట్ బెట్టింగ్ సైటుకు పంపిన. అక్కడ 22,700 మాత్రమే పడ్డయి. ఆడితే 41 వేలయినయి. తీసుకుందామంటే ముందు 15 శాతం టాక్స్ బిట్‌కాయిన్‌లోనే కట్టాలంటున్నరు. కట్టాలా? నేను పంపింది యూపీఐ లెక్క కంప్లయింట్ ఇస్తే వాపస్ వస్తదా?"

ఆ టాక్స్ మాత్రం కట్టకండి. 41 వేలలో 15 శాతమంటే 6,150 రూపాయలు, అది కట్టిన మర్నాడే 'వెరిఫికేషన్ డిపాజిట్' అని ఇంకోటి, ఆ తర్వాత 'వాలెట్ యాక్టివేషన్' అని మరోటి అడుగుతారు. మన దేశంలో ఆన్‌లైన్ గేముల గెలుపు మీద పన్ను 30 శాతం. దాన్ని చెల్లించేవాళ్లే మీ డబ్బులోంచి కోసుకుని మిగతాది మీకివ్వాలి. మీరు విడిగా ముందే పంపండి, అదీ బిట్‌కాయిన్‌లో పంపండి అనే పద్ధతి ఏ పన్ను చట్టంలోనూ లేదు. స్క్రీన్ మీద నిజంగా 41 వేలుంటే అందులోంచే 6,150 పట్టుకుని మిగతాది పంపమనండి చూద్దాం. పట్టుకోరు, ఎందుకంటే ఆ 41 వేలు వాళ్లు వేసిన అంకె, అంతే. మొదట్లో గెలిపించడం కూడా ఈ ఆటలో భాగమే.

ఇక 25 వేలు 22,700 ఎలా అయ్యాయో చూద్దాం. ఇక్కడ మోసమే జరగాల్సిన పని లేదు. మీరు కొన్నరోజు ఒక బిట్‌కాయిన్ ధర 80 లక్షలు అనుకుందాం. 25 వేలకు 0.003125 బిట్‌కాయిన్ వస్తుంది. కొన్నచోట ఎక్స్ఛేంజ్ కమీషను, దాని మీద జీఎస్టీ, బయటికి పంపడానికి తీసుకునే ఫీజు కలిపి 1,600 పోయాయనుకోండి, దారిన పడింది 0.002925 మాత్రమే, అంటే 23,400. తక్కువ మొత్తాలకు ఈ పంపే ఫీజే పెద్ద దెబ్బ, ఎందుకంటే 5 వేలు పంపినా 5 లక్షలు పంపినా అది దాదాపు ఒకటే ఉంటుంది.

ఆ తర్వాత ధర సంగతి. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో సగటున 10 నిమిషాలకు ఒక బ్లాకు, అంటే లావాదేవీల కట్ట, తయారవుతుంది, మీ లావాదేవీ అందులో చేరితే ఒక కన్ఫర్మేషన్. చాలా సైట్లు ఒకటి నుంచి మూడు దాకా, కొన్ని ఆరు దాకా కన్ఫర్మేషన్లు వచ్చాకే బ్యాలెన్స్ ఎక్కిస్తాయి. నెట్‌వర్క్ రద్దీగా ఉండి ఫీజు తక్కువ పెట్టి ఉంటే గంటలు కూడా పడుతుంది. సైటు రేటు కట్టేది మీరు పంపినప్పుడు కాదు, వాళ్లకు చేరాక. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చికి పొద్దున జెండాపాటలో పలికిన రేటొకటి, కాంటా అయ్యేసరికి చేతికొచ్చే రేటొకటి అయినట్టే. ఈలోపు 3 శాతం పడితే 23,400 కాస్తా 22,698. మీకు కనిపించిన అంకె దాదాపు ఇదే కదా. 3 శాతం అన్నది బిట్‌కాయిన్‌కు మామూలు రోజు. 2021 మే 19న ఒక్కరోజులోనే ఒక దశలో 30 శాతం దాకా పడిపోయింది. 2021 నవంబరులో దాదాపు 69 వేల డాలర్లున్నది, ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గరికొచ్చింది.

మీ బ్యాలెన్స్ సైటులో రూపాయల్లో కనిపిస్తోందా, బిట్‌కాయిన్‌లోనా అన్నది చాలామంది చూసుకోరు, కానీ దెబ్బ ఎటునుంచి పడుతుందో తేల్చేది అదే. బిట్‌కాయిన్‌లో ఉంటే మీరు పందెం గెలిచి కూడా డబ్బు పోగొట్టుకోవచ్చు. పైన చెప్పిన 0.002925 పెట్టి 10 శాతం గెలిచారనుకోండి, 0.0032175 అయింది. విత్‌డ్రాకు పెడితే 'రివ్యూలో ఉంది' అని మూడు రోజులు ఆపారు, ఈలోపు ధర 15 శాతం పడింది. మీ చేతికొచ్చేది 21,879 రూపాయలు. పెట్టినప్పటి 23,400 కన్నా తక్కువ. అంటే మీకు తెలియకుండానే రెండు పందాలు కాశారు, ఒకటి మ్యాచ్ మీద, ఇంకోటి బిట్‌కాయిన్ మీద. అలాగని బ్యాలెన్స్ రూపాయల్లోనో డాలర్లలోనో ఉంటే నిశ్చింత అనుకోకండి. డబ్బు లోపలికొచ్చేటప్పుడు ఒక రేటు, బయటికి వెళ్లేటప్పుడు ఇంకో రేటు, రెండూ సైటువాడు పెట్టేవే. మళ్లీ బోనస్ తీసుకున్నారా, అంతకు పదింతలో ఇరవై ఇంతలో పందాలు కాస్తే గాని విత్‌డ్రా తెరుచుకోదు, అన్నాళ్లూ ధర మీ కోసం ఆగదు.

అందుకే కొందరు యూఎస్‌డీటీ పంపుతారు, డాలరుకు కట్టిన నాణెం కాబట్టి ఊగదని. ధర విషయంలో అది చాలావరకు నిజమే. కానీ అక్కడ గొయ్యి వేరేచోట ఉంది. యూఎస్‌డీటీ ఒకటే పేరుతో వేర్వేరు నెట్‌వర్కుల మీద తిరుగుతుంది. TRC-20 అడ్రసులు T అక్షరంతో మొదలవుతాయి. ERC-20, BEP-20 రెండింటివీ 0x తోనే మొదలవుతాయి, చూడటానికి అచ్చం ఒకేలా ఉంటాయి. సైటు ERC-20 అడ్రసు ఇస్తే ఫీజు తక్కువని BEP-20 ఎంచుకుని పంపేవాళ్లు బోలెడుమంది, అడ్రసు ఆకారం సరిపోతుంది కాబట్టి యాప్ అడ్డుకోదు. డబ్బు వెళ్తుంది, సైటులో పడదు. దాన్ని బయటికి తీయగలిగేది ఆ అడ్రసు తాళంచెవి ఉన్నవాళ్లే, అంటే ఆ సైటువాళ్లే. పేరూ ఊరూ చిరునామా లేని సైటు ఆ పని మీ కోసం చేసిపెడుతుందా?

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. యూపీఐలో పొరపాటున పంపినదీ బటన్ నొక్కితే వెనక్కి రాదు, కానీ అవతల ఒక బ్యాంకు ఉంటుంది, ఖాతాదారుకు పేరుంటుంది, మోసపోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే ఆ ఖాతాలో డబ్బు కదలకుండా నిలిపేసే ఏర్పాటుంది. కార్డుతో కట్టినదానికి బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే డబ్బు వాపసు, అడగొచ్చు. బిట్‌కాయిన్‌లో నడిమధ్యన ఎవరూ లేరు. కన్ఫర్మ్ అయ్యేలోపు, అదీ మీ సొంత వాలెట్ నుంచి పంపి ఉంటే, కొన్ని వాలెట్లలో ఎక్కువ ఫీజుతో అదే లావాదేవీని మార్చి రాసే వీలుంటుంది. మీలాగా ఎక్స్ఛేంజ్ యాప్ నుంచి పంపినవాళ్లకు అదీ ఉండదు. బ్లాకులో చేరిందంటే ఇక ఎక్స్ఛేంజ్ యజమాని అనుకున్నా, కోర్టు చెప్పినా నెట్‌వర్క్ దాన్ని తిప్పదు. అవతలివాడు తనంతట తాను కొత్తగా ఇంకో లావాదేవీ చేసి పంపాల్సిందే.

ఎక్స్ఛేంజ్ మీద ఫిర్యాదు పెడదామన్నా నిలబడదు. మీరు బిట్‌కాయిన్ అడిగారు, వాళ్లిచ్చారు, మీరు చెప్పిన అడ్రసుకు పంపారు. మీ బ్యాంకు సంగతీ అంతే. రూపాయలు వెళ్లిన దారిలో తప్పేమీ జరగలేదు, తప్పు జరిగింది రూపాయలు లేని చోట.

అయినా చేయాల్సిన పని ఒకటుంది, ఈరోజే చేయండి. ఎక్స్ఛేంజ్ యాప్‌లో విత్‌డ్రాల్ హిస్టరీ తెరిస్తే TXID అని 64 అక్షరాలు, అంకెలు కలిసిన పొడుగాటి కోడ్ ఉంటుంది. దాన్ని కాపీ చేసి mempool.space లో వెతకండి. Unconfirmed అని ఉంటే ఇంకా చేరలేదని, కన్ఫర్మేషన్ల సంఖ్య కనిపిస్తే చేరిపోయిందని అర్థం. మీ డబ్బు చేరిన అడ్రసు మీద నొక్కితే అక్కడినుంచి ఎటు వెళ్లిందో కూడా కనిపిస్తుంది. సాధారణంగా కాసేపట్లోనే ఊడ్చేసి పెద్ద వాలెట్‌లో కలిపేస్తారు. ఆ జాడ ఎక్కడైనా పేరున్న ఎక్స్ఛేంజ్‌లో తేలితే పోలీసులు వాళ్లకు లెటర్ రాసి ఆ ఖాతాను ఆపించగలరు. మీ డబ్బుకున్న ఆశ అదొక్కటే, అదీ సన్నది. యూఎస్‌డీటీ అయితే దాన్ని జారీచేసే టెథర్ కంపెనీ పోలీసు శాఖలు అడిగినప్పుడు కొన్ని అడ్రసులను స్తంభింపజేస్తుంది, బిట్‌కాయిన్‌కు అలా అడగడానికి కంపెనీయే లేదు. TXID, అడ్రసు, సైటు లింకు, టెలిగ్రామ్ చాట్, టాక్స్ అడిగిన మెసేజ్ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి 1930కి చెప్పండి, cybercrime.gov.in లో నమోదు చేయండి. సైటువాళ్లు మిమ్మల్ని బ్లాక్ చేసేలోపే చాట్ భద్రం చేసుకోండి.

దాచకుండా చెప్పాల్సింది ఇంకోటుంది. తెలంగాణలో 2017 సవరణ నుంచే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం నిషేధం, రాష్ట్ర గేమింగ్ చట్టంలో ఆడినవాళ్లకూ శిక్ష ఉంది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం నడిపేవాళ్ల మీదా, ప్రకటనలిచ్చేవాళ్ల మీదా, డబ్బు మళ్లించేవాళ్ల మీదా గురి పెట్టింది. కాబట్టి ఫిర్యాదులో ఏం రాయాలో హన్మకొండ కోర్టులో తెలిసిన అడ్వకేట్ ఎవరైనా ఉంటే ఒక్కమాట అడిగి రాయండి. దానికోసం వారాలు మాత్రం ఆగకండి.

టాక్స్ కట్టనని మీరు మొండికేస్తే వాళ్లు 'సరే, బిట్‌కాయిన్ వద్దు, రూపాయల్లో ఖాతాలో వేస్తాం' అనొచ్చు. సంబరపడకండి. ఇలా వచ్చే డబ్బు చాలాసార్లు ఇంకెవరో మోసపోయి పంపినదై ఉంటుంది. ఆయన వేరే రాష్ట్రంలో కేసు పెడితే అక్కడి సైబర్ పోలీసులు మీ ఖాతాను ఆపిస్తారు, జీతం పడే ఖాతా అయినా సరే. కాజీపేట బ్రాంచి మేనేజర్‌కు దాన్ని తెరిచే అధికారం ఉండదు, ఆపమని రాసిన స్టేషన్ నుంచో కోర్టు నుంచో క్లియరెన్స్ రావాలి. ఆ కాస్త డబ్బు కోసం నెలల తరబడి ఆ ఊరి స్టేషన్‌కు ఫోన్లు చేస్తూ తిరగాల్సొస్తుంది.

'పోయిన క్రిప్టో తిరిగి తెప్పిస్తాం' అని టెలిగ్రామ్‌లో పలకరించేవాళ్లూ వస్తారు, ఒక్కోసారి ఆ సైటు ముఠావాళ్లే ఇంకో పేరుతో వస్తారు. ముందు ఫీజు అడిగినా, వాలెట్‌కు తాళంచెవి లాంటి 12 పదాల సీడ్ ఫ్రేజ్ అడిగినా బ్లాక్ చేయడమే. చివరగా, ఆ సైటు యాప్‌ను మీరు ప్లే స్టోర్ నుంచి కాకుండా లింకు నొక్కి ఏపీకే ఫైలుగా వేసుకుని ఉంటే, స్క్రీన్‌షాట్లు అయ్యాక సెట్టింగ్స్‌లో దానికి ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ అనుమతులు ఉన్నాయేమో చూసి, ఉంటే తీసేసి, యాప్ తొలగించండి. బ్యాంకు, ఎక్స్ఛేంజ్ పాస్‌వర్డులు ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి మార్చండి, ఈ ఫోన్‌కు వచ్చే ఓటీపీలు వాళ్లు చదువుతూ ఉండొచ్చు.