పాత మెషిన్ అమ్మితే వచ్చే నష్టం మీద పన్ను ఆదా కలపాలా?

"పాత లేత్ పుస్తక విలువ 3 లక్షలు, అమ్మితే 2 లక్షలే. కొత్తది 10 లక్షలు. ఏటా 2.5 లక్షలు మిగులుతుంది, 5 ఏళ్ల తర్వాత 3 లక్షలకు పోతుంది. పన్ను 30%, రాబడి 12% కావాలి. లక్ష నష్టం మీద 30,000 పన్ను ఆదా కలపాలా?"

కలపకండి. మన ఆదాయపన్ను లెక్కలో లేత్ లాంటి మామూలు మెషిన్లన్నీ ఒకే గుంపుగా, 15% తరుగుదల బ్లాక్‌లో ఉంటాయి. బ్లాక్‌లో వేరే మెషిన్లు ఉన్నంతవరకు ఆ లక్ష నష్టంగా బయటికి రాదు, తరుగుదలగా మెల్లగా వస్తుంది. బ్లాక్‌లోంచి 2 లక్షలు తీసి 10 లక్షలు కలుపుతారు కాబట్టి అదనపు తరుగుదలకు ఆధారం 8 లక్షలు. మీ చేతిలోంచి పోయేదీ అంతే.

మొదటి ఏడు తరుగుదల 1.2 లక్షలు, పన్ను ఆదా 36,000. రెండో ఏడు 30,600, అలా తగ్గుతూ పోతుంది. (180 రోజుల కన్నా తక్కువ వాడితే మొదటి ఏడు సగమే.) ఐదేళ్ల ఆదా నేటి విలువ సుమారు లక్ష. పన్ను పోను మిగిలే 1.75 లక్షలది 6.31 లక్షలు, చివరి అమ్మకానిది 1.70 లక్షలు. మొత్తం 9.01 లక్షలు, పెట్టిన 8 లక్షలు తీసేస్తే సుమారు లక్ష లాభం.

అయితే చివరి అమ్మకం 1.22 లక్షలకు పడిపోతే ఆ లాభం సున్నా. అందుకే ముందు సెకండ్‌హ్యాండ్ డీలర్ దగ్గర ఐదేళ్ల పాత మెషిన్ రేటు కనుక్కోండి. అప్పటికి మీ పాత లేత్‌కు తుక్కు ధర ఏమైనా వచ్చేదైతే, ఆ 3 లక్షల్లోంచి తీసేయండి.